ఇంటి పనులు నిమిషాల లెక్కన పంచుకోవడం: పిల్లలతో సహా వారం చార్టు ఎలా వేయాలి

ఇంటి పనుల చార్టు వేయడం కష్టం కాదు. మూడో వారం దాటాక కూడా అది నడవడమే కష్టం. చాలా ఇళ్లలో కాగితం ఫ్రిజ్ తలుపు మీద అలాగే ఉంటుంది, పనులు మాత్రం ఒక్కొక్కటిగా మళ్లీ అమ్మ చేతికే చేరతాయి. దీనికి పెద్ద కారణం పనుల్ని లెక్కపెట్టి పంచడం. "నీకు నాలుగు, నాకు నాలుగు" అనుకున్నప్పుడు మొక్కలకు నీళ్లు పోయడమూ ఒక పనే, రెండు పూటల వంటా ఒక పనే అయిపోతుంది. నిమిషాల్లో పంచితే ఈ చిక్కు రాదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తం నిమిషాల మీదే నడుస్తుంది.

ఉదాహరణకు ఒక ఇల్లు తీసుకుందాం. విజయవాడలాంటి ఊళ్లో రెండు పడకగదుల అపార్ట్‌మెంటు. అమ్మ, నాన్న ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, ఇద్దరూ ఇంటి బయట గడిపే సమయం దాదాపు ఒకటే. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ, పద్నాలుగేళ్ల అక్క, తొమ్మిదేళ్ల తమ్ముడు. పనిమనిషి లేదు, బట్టలకు వాషింగ్ మెషిన్ ఉంది. మీ ఇల్లు ఇలాగే ఉండనక్కర్లేదు. మనుషులు, అంకెలు మార్చుకుంటే లెక్క మీకూ సరిపోతుంది.

ముందు ఒక వారం రాసుకోండి

పంపకాల మాట వెంటనే ఎత్తకండి. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి వంటింటి గోడకు తగిలించండి, పక్కనే దారం కట్టిన పెన్ను. ఏడు రోజులపాటు ఎవరు ఏ పని చేసినా అక్కడ పని పేరు, పట్టిన నిమిషాలు రాయాలి. ఎప్పటిలాగే చేయండి, ఏదీ మార్చవద్దు. అంచనాతో కూర్చుని రాస్తే మాత్రం లెక్క తప్పుతుంది. రోజూ చేసేవాళ్లు తమ పనిని తక్కువగా, ఎప్పుడో ఒకసారి చేసేవాళ్లు తమ పనిని ఎక్కువగా చెబుతారు.

ఈ కాగితంలో తరచూ జారిపోయేది కంటికి కనిపించని పని. రేపటి టిఫిను ఏమిటో తేల్చి పప్పు నానబెట్టడం, గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో చూసి బుక్ చేయడం, స్కూలు డైరీ చూడటం, ఫీజు తేదీ, సరుకుల చీటీ. చేతికి పెద్ద శ్రమ ఉండదు కానీ బుర్రలో రోజంతా నడుస్తూనే ఉంటుంది. దీనికి "గుర్తుపెట్టుకునే పని" అని పేరు పెట్టి విడిగా ఒక వరుస ఇవ్వండి. పేరు లేని పనిని ఎవరికీ అప్పగించలేం, కాబట్టి అది ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉండిపోతుంది.

వారం చివర కూడి రోజు సగటు తీయండి. వారానికి ఒకసారి చేసే పనిని ఏడుతో భాగించాలి. రెండు బాత్‌రూములు కడగడానికి ఆదివారం డెబ్బై నిమిషాలు పడితే రోజుకు పది. రోజు విడిచి రోజు ముప్పై నిమిషాలు తడిగుడ్డ పెడితే రోజుకు పదిహేను. మన ఉదాహరణ ఇంట్లో లెక్క ఇలా వచ్చిందనుకుందాం: పొద్దుటి టిఫిను, క్యారేజీలు 70 నిమిషాలు, రాత్రి వంట 50, పొద్దుటి గిన్నెలు 20, రాత్రి గిన్నెలు 30, కూరగాయలు ఒలిచి తరగడం 25, ఊడ్చడం 20, తడిగుడ్డ 15, స్టవ్వూ గట్టూ తుడవడం 10, బట్టలు మెషిన్‌లో వేసి ఆరేయడం 20, తీసి మడతపెట్టడం 15, పక్కలు సర్దడం 10, భోజనానికి కంచాలు నీళ్లు పెట్టి తర్వాత ఎత్తడం 15, చెత్త 5, మొక్కలు 5, ముగ్గు, పూలు, దీపం 15, పాలు, సరుకులు 20, బాత్‌రూములు 10, గుర్తుపెట్టుకునే పని 25. మొత్తం 380 నిమిషాలు, అంటే ఆరుగంటల ఇరవై నిమిషాలు.

ఈ అంకె ఇంట్లో అందరి ముందూ గట్టిగా చదవండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వాటికి పెడుతున్నారని తేలింది. మీ కాగితంలోని అంకెలు దీనికి ఎంత దగ్గరగా ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరినీ నిందించే అవసరం రాదు.

ఎవరికి ఎన్ని నిమిషాలు

సమానం అంటే అందరికీ ఒకే అంకె అని కాదు. ముందు పిల్లలకూ పెద్దవాళ్లకూ మోయగలిగినంత తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని సంపాదించే వయసున్నవాళ్లు సగం సగం చేసుకోవాలి. తొమ్మిదేళ్లవాడికి రోజుకు అరగంట చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ముప్పావుగంట పెట్టవచ్చు. నాయనమ్మకు కూర్చుని చేసే పనులు, తను చేయాలనుకునేవి, 55 నిమిషాలు. ఈ ముగ్గురివీ కలిపితే 130. మిగిలిన 250 నిమిషాలు అమ్మకు 125, నాన్నకు 125. ఒకరు బయట రెండు గంటలు ఎక్కువ గడుపుతుంటే ఈ సగం కాస్త జరుపుకోవచ్చు. కానీ "నాకు అలవాటు లేదు" అన్న కారణంతో జరపవద్దు, అలవాటు నేర్చుకుంటే వస్తుంది.

అక్కకు ఎక్కువ, తమ్ముడికి తక్కువ ఇవ్వడానికి వయసు ఒక్కటే కారణం కావాలి. తమ్ముడికి పద్నాలుగు వచ్చేసరికి వాడికీ అదే ముప్పావుగంట, అవే పనులు అని చార్టు కిందే రాయండి. ఆడపిల్ల కాబట్టి గిన్నెలు, మగపిల్లవాడు కాబట్టి కొట్టుకు వెళ్లడం అన్న విభజన ఒకసారి వస్తే, తర్వాత ఎన్నిసార్లు మార్చినా పిల్లలు దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

ఏ వయసుకు ఏ పని

మూడు, నాలుగేళ్లవాళ్లు బొమ్మలు బుట్టలో వేయగలరు, విడిచిన బట్టలు మురికి బుట్టలో పడేయగలరు. "గది సర్దు" అంటే వాళ్లకు అర్థం కాదు, "ఎర్ర బొమ్మలన్నీ ఈ బుట్టలో" అంటే అవుతుంది. ఐదారేళ్లకు స్టీలు గ్లాసులు, చెంచాలు పెట్టడం, సాక్సులు జతలు కలపడం, బఠాణీలు ఒలవడం, కరివేపాకు దూయడం. ఏడు నుంచి తొమ్మిది మధ్య పక్క దుప్పటి మడత, మంచినీళ్ల సీసాలు నింపడం, తడి పొడి చెత్త వేరుచేయడం, ఊడ్చడం. పది, పదకొండుకు తన క్యారేజీ తనే కడుక్కోవాలి, బియ్యం కొలిచి కడిగి నీళ్లు పోయడం రావాలి, మెషిన్ నడపడం నేర్పవచ్చు. పదమూడు దాటాక పెద్దవాళ్లు ఇంట్లో ఉండగా స్టవ్ మీద అట్టు, ఆమ్లెట్, అన్నం.

కొన్ని పనులు ఈ వయసుల్లో ఏ పిల్లలకూ వద్దు. బాత్‌రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు పెద్దవాళ్లే వాడాలి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరి ఆడదు, పెద్దవాళ్లు కూడా ఒకదాని మీద ఇంకొకటి పోయకూడదు. నిండు గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండతో కలిపి దాదాపు ముప్పై కిలోలు, పిల్లలతో జరిపించవద్దు. బాల్కనీ గోడ పక్కన స్టూలెక్కి బట్టలు ఆరేయడం కూడా అంతే ప్రమాదం. పిల్ల చేతికి అందే ఎత్తులో దండెం కడితేనే ఆరేసే పని తనకు ఇవ్వండి.

తిప్పాల్సినవి, తిప్పకూడనివి

అన్ని పనులూ అందరి మధ్యా తిప్పాలనుకోవడం పొరపాటు. ఇద్దరూ చేయగలిగిన పనే ఇద్దరి మధ్య తిరగాలి. నాయనమ్మ కూరగాయలు ఎప్పుడూ నాయనమ్మవే, అవి తిప్పితే ఎవరికీ లాభం లేదు. ఒక పనిని ఇంకో పనితో మార్చినప్పుడు రెండూ ఒకే బరువుండాలి. తమ్ముడి కంచాలు, చెత్త కలిపితే 20 నిమిషాలు, అక్క ఊడ్చేది కూడా 20. కాబట్టి ఆ రెండే వాళ్ల మధ్య తిరుగుతాయి. పక్కలు సర్దడం తమ్ముడి దగ్గర, బట్టలు ఆరేయడం, మొక్కలు అక్క దగ్గర స్థిరంగా ఉంటాయి.

అమ్మా నాన్నల 250 నిమిషాల్ని రెండు మూటలు కట్టండి. మొదటి మూటలో పొద్దుటి వంట 70, రాత్రి గిన్నెలు 30, గుర్తుపెట్టుకునే పని 25. రెండో మూటలో రాత్రి వంట 50, పొద్దుటి గిన్నెలు 20, తడిగుడ్డ 15, స్టవ్వూ గట్టూ 10, సరుకులు 20, బాత్‌రూములు 10. రెండూ 125. ఈ కూర్పులో ఒక మంచి గుణం ఉంది: ఏ పూటైనా వండినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమరు. తోమేది పక్కవాళ్లని తెలిస్తే అడుగంటిన మూకుడును కాసిని నీళ్లు పోసి నానబెట్టే మర్యాద వండేవాళ్లకు దానంతటదే వస్తుంది.

రోజూ మార్చే చార్టు వద్దు. "ఈరోజు ఎవరిది?" అన్న వాదన రోజూ పుడుతుంది, మధ్యలో ఒక సెలవొస్తే వరుస తప్పుతుంది. నెలకోసారి మార్చినా ఇష్టం లేని పని మరీ బరువనిపిస్తుంది. వారం సరైన కొలత. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మారాలి, సోమవారం పొద్దున హడావిడిలో కాదు.

చార్టు ఇలా ఉంటుంది. మూడో వారం మళ్లీ మొదటి వారమే.

| ఎప్పుడు | పని | మొదటి వారం | రెండో వారం |
|---|---|---|---|
| పొద్దున | ముగ్గు, పూలు. సాయంత్రం దీపం | నాయనమ్మ | నాయనమ్మ |
| పొద్దున | టిఫిను, క్యారేజీలు | అమ్మ | నాన్న |
| పొద్దున | గిన్నెలు | నాన్న | అమ్మ |
| రోజు విడిచి రోజు పొద్దున | తడిగుడ్డ | నాన్న | అమ్మ |
| పొద్దున | పక్కలు సర్దడం | తమ్ముడు | తమ్ముడు |
| పొద్దున | బట్టలు ఆరేయడం, మొక్కలు | అక్క | అక్క |
| బండి వచ్చేలోపు | చెత్త | తమ్ముడు | అక్క |
| సాయంత్రం | బట్టలు మడత, కూరగాయలు | నాయనమ్మ | నాయనమ్మ |
| దీపం పెట్టేలోపు | ఊడ్చడం | అక్క | తమ్ముడు |
| సాయంత్రం | పాలు, సరుకులు | నాన్న | అమ్మ |
| రాత్రి | వంట, తర్వాత స్టవ్వూ గట్టూ | నాన్న | అమ్మ |
| రాత్రి | కంచాలు పెట్టడం, ఎత్తడం | తమ్ముడు | అక్క |
| రాత్రి | గిన్నెలు | అమ్మ | నాన్న |
| రోజంతా | గుర్తుపెట్టుకునే పని | అమ్మ | నాన్న |
| ఆదివారం | బాత్‌రూములు | నాన్న | అమ్మ |

పెద్ద కాగితం మీద రాసేటప్పుడు ప్రతి వరుస పక్కనా ఏడు గడులు గీయండి. చేసినవాళ్లే టిక్కు పెట్టుకోవాలి. తమ్ముడి కంటి ఎత్తులో అంటించండి. పెద్దవాళ్ల ఎత్తులో ఉంటే వాడి బదులు ఇంకెవరో చదివి చెప్పాల్సి వస్తుంది. ఊడ్చే పనికి "దీపం పెట్టేలోపు" అని రాయడానికి కారణం ఉంది. సంధ్యవేళ దాటాక ఇల్లు ఊడ్వకూడదని నమ్మే ఇళ్లలో గడియారం కంటే ఆ గడువే బాగా పనిచేస్తుంది, గుర్తుచేసేందుకు నాయనమ్మ కూడా ఉంటుంది. పొద్దున్నే తడిగుడ్డ పెట్టేది సాయంత్రం ఊడ్చిన నేల మీదే కాబట్టి మళ్లీ ఒకసారి పైపైన చీపురు వేస్తే సరిపోతుంది.

"అయిపోయింది" అంటే ఏమిటో ముందే తేల్చండి

పిల్లలతో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే. వాడు ఊడ్చానంటాడు, మీకు మంచం కింద దుమ్ము కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, పని ఎక్కడ ముగుస్తుందో మాట్లాడుకోలేదంతే. ప్రతి పనికీ చివర కంటికి కనిపించే రెండు మూడు గుర్తులు పెట్టండి.

తొమ్మిదేళ్లవాడికి ఊడ్చడం నేర్పే తీరు చూడండి. లోపలికి మెత్తటి పూలచీపురు, కొబ్బరి చీపురు కాదు. ముందు ఫ్యాను ఆపాలి. ఇది మర్చిపోతే ఎంత ఊడ్చినా దుమ్ము లేచి వెనక్కే వస్తుంది, వాడు విసిగిపోతాడు. డైనింగ్ టేబుల్ కుర్చీలు గోడవైపు జరపాలి. గుమ్మానికి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, మంచం కింద చీపురు పడుకోబెట్టి లాగి, దుమ్మును గుమ్మంవైపు తేవాలి. చీపురు పైకి లేపకుండా నేలకు ఆనించి పొడవుగా తోయడం వాడికి మొదట రాదు. చేతి మీద చెయ్యి వేసి నాలుగు సార్లు చూపించండి. ప్రతి గదిలో దుమ్ము ఒక కుప్పగా చేసి అక్కడే చేటలోకి ఎత్తేయాలి, ఇల్లంతా ఈడ్చుకెళ్తే సగం దారిలోనే జారిపోతుంది. ముగింపు గుర్తులు మూడు: చేట చెత్తబుట్టలో ఖాళీ అయింది, కుర్చీలు మళ్లీ చోటికి వచ్చాయి, చీపురు తలుపు వెనక ఉంది. ఈ మూడు ఉంటే పని అయినట్టే. మూలలో దుమ్ము కనిపిస్తే మరుసటి రోజు మొదలుపెట్టే ముందు చెప్పండి, అప్పుడే వెళ్లి మీరు ఊడ్వకండి.

నేర్పడానికి ఏ పనికైనా మూడు రోజులు ఇవ్వండి. మొదటి రోజు చూస్తాడు, రెండో రోజు కలిసి చేస్తారు, మూడో రోజు వాడు చేస్తుంటే మీరు ఊరికే అక్కడ ఉంటారు. మొదటి రెండు వారాలు ఇరవై నిమిషాల పనికి ముప్పై పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి. నాన్నకు పొద్దుటి వంట కొత్తయితే ఇదే పద్ధతి. మొదటి నెల ఉప్మా, పెసరట్టు, చిత్రాన్నం లాంటి నాలుగైదు రకాలే తిప్పుకోవాలి. క్యారేజీలో కూర రుచి తగ్గిందని పిల్లలు అంటే అమ్మ వంటింట్లోకి వెళ్లిపోకూడదు.

ఎక్కడ తప్పుతుంది

చార్టును చంపే మొదటి అలవాటు, చేసిన పనిని వెనకే ఇంకొకరు మళ్లీ చేయడం. అక్క ఆరేసిన చొక్కాలు తీసి దులిపి మళ్లీ ఆరేస్తే, మరుసటి రోజు ఆమె ఇంకా నిర్లక్ష్యంగా ఆరేస్తుంది. ఎలాగూ అమ్మ సరిచేస్తుందని ఆమెకు తెలుసు. చొక్కా ముడతలుగా ఆరితే ఆ ముడతల చొక్కాయే తొడుక్కోనివ్వండి.

రెండోది గుర్తుచేయడం. రోజూ నాలుగుసార్లు "చెత్త పెట్టావా?" అని అడుగుతుంటే గుర్తుపెట్టుకునే పని ఇంకా మీ దగ్గరే ఉంది, వాడు చేతులు మాత్రమే అప్పిచ్చాడు. రోజుకు ఒక్కసారి, ఒకే సమయంలో, "చార్టు చూశావా?" అన్న మాట తప్ప ఇంకేం అనవద్దు. చెత్తబండి వెళ్లిపోతే బుట్ట మరుసటి రోజు దాకా ఇంట్లోనే ఉంటుంది. వాసన వస్తుంది. తడి చెత్తకు మూత బిగించి, వాణ్ని దాని పక్కనే కూర్చోబెట్టి మాట్లాడండి, కోపంగా కాదు.

ఒక వరుసలో రెండు వారాల్లో మూడు నాలుగు గడులు ఖాళీగా ఉంటే మనిషిని కాక పనిని పరీక్షించండి. సమయం కుదరకపోవచ్చు: ట్యూషన్ నుంచి ఆరింటికి వచ్చే పిల్లకు దీపం వేళలోపు ఊడ్చడం సాధ్యం కాదు. సామాను అందకపోవచ్చు: స్టీలు కంచాలు పై అరలో ఉంటే తమ్ముడు ప్రతిసారీ ఎవరినో పిలవాలి, కంచాలు కింది అరలోకి మార్చగానే ఆ గడులు నిండుతాయి. ఈ రెండూ కాకపోతేనే మనిషితో మాట్లాడాల్సి ఉంటుంది.

పరీక్షల వారంలో పిల్లల పని పూర్తిగా మాఫీ చేయవద్దు, పది నిమిషాలకు కుదించండి. అక్క మొక్కలూ తన కంచమూ మాత్రమే చూసుకుంటుంది, మిగతా 35 నిమిషాలు అమ్మానాన్నలు పంచుకుంటారు. తర్వాత వాటిని అప్పుగా వసూలు చేయకండి. జ్వరమొచ్చినా అంతే. కానీ సినిమాకో స్నేహితుల ఇంటికో వెళ్లడం కోసం పని తప్పితే అది మార్పిడి కావాలి: ఎవరితో, ఏ పనికి ఏ పని అని చార్టు అంచున రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ మార్పిడి అదే వారంలో తీరిపోవాలి, లేకపోతే ఎవరికెంత బాకీ అన్న లెక్క తేలదు.

డబ్బుల సంగతి కూడా ముందే చెప్పేయండి. చార్టులో ఉన్న పనికి డబ్బులు ఉండవు. ఇస్తే రేపు "నాకు పది రూపాయలు వద్దు, పనీ వద్దు" అనే హక్కు వాళ్లకు మీరే ఇచ్చినట్టు. చార్టు బయటి పని, స్కూటరు కడగడం, పాత పేపర్లు కట్టలు కట్టి అమ్మడం లాంటివాటికి మీరు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి.

ఆదివారం రాత్రి పదిహేను నిమిషాలు కూర్చోండి. ఖాళీ గడులు చూసి, ఏ పని మార్చాలో ప్రతి ఒక్కరూ ఒక్క మాట చెప్పాలి, చిన్నవాళ్లు ముందు. నాన్న వచ్చే వారం క్యాంపుకు వెళ్తుంటే అప్పుడే తేల్చుకోండి: ఆయన మూట మొత్తం అమ్మ మీద పడకూడదు. పొద్దున బయట నుంచి ఇడ్లీ తెప్పించడమో, ఆ వారం తడిగుడ్డ రెండు రోజులకు తగ్గించడమో చేసి ఆ 125 నిమిషాలను కొంత దించవచ్చు. పండగ వారంలో కొత్త పనులు వస్తాయి, సంక్రాంతికి బూజు దులపడం, పిండివంటలు. వాటిని ఉన్న మూటల్లో ఇరికించకుండా ఆ వారానికి విడి కాగితం రాయండి.

ఏప్రిల్ చివర సెలవులివ్వగానే, జూన్‌లో బడి తెరవగానే నిమిషాల కాగితం మళ్లీ గోడకెక్కాలి. వేసవిలో తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు, బియ్యం కొలిచి కడగడం నేర్చుకునే వయసు వచ్చి ఉంటుంది, అక్కకు పదో తరగతి దగ్గర పడుతుంటుంది, నాయనమ్మ మోకాలి నొప్పి పెరిగిందో తగ్గిందో ఆవిడనే అడగాలి. పాత చార్టు పక్కనే పెట్టుకుని కొత్తది రాయండి, పెన్ను ఈసారి అక్క చేతికి ఇవ్వండి.